నరసాపురం లేసు, కార్క్ నగరపు కొనుగోలుదారు, రెండు గడియారాలు: నా అనుభవం

మా బాబాయిగారికి నరసాపురంలో లేసు వ్యాపారం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటి దగ్గర కూర్చుని అల్లిన ముక్కలను తెప్పించి, ఉతికించి, గంజి పెట్టించి, కొలతకు సాగదీసి ఇస్త్రీ చేయించి, ఎగుమతిదారులకు అమ్మడం ఆయన ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా విదేశానికి సరుకు పంపిన అనుభవం మాత్రం 2025 వరకూ లేదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చాక నేరుగా అడిగేవాళ్ళు మొదలయ్యారు. ఆ అడిగినవాళ్ళలో ఐర్లండులోని కార్క్ నగరంలో ఇంట్లో వాడే వస్త్రాల దుకాణం నడిపే ఒకావిడ మాకు మొదటి కొనుగోలుదారు అయ్యారు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఆవిడతో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలలో ఎక్కడెక్కడ రోజులు పోయాయో, ఏ మార్పుతో ఆ పోవడం ఆగిందో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. అల్లకం గురించి గానీ, ఎగుమతి లైసెన్సు గురించి గానీ రాయడం లేదు. నేను చూసుకున్నది ఈమెయిళ్ళు మాత్రమే.

ఫిబ్రవరి 19, బుధవారం నాడు ఆవిడ మొదటి మెయిల్ వచ్చింది. ముప్పై సెంటీమీటర్ల గుండ్రటి టేబుల్ మ్యాట్లు కావాలనీ, ముందు నమూనా పంపగలరా అనీ అడిగారు. అప్పటికి ఈమెయిళ్ళు రాసేది ఆఫీసు గుమాస్తాగారు. మార్చి 10న నమూనా బయల్దేరుతుందని ఆయన రాశారు. అయితే అల్లేవాళ్ళు అనుకున్నదానికన్నా ముందే ఇచ్చేయడంతో, ఫిబ్రవరి 26న ఆయన ఉత్సాహంగా, నమూనాను "ప్రీపోన్" చేస్తున్నామని మరో మెయిల్ పెట్టారు. తేదీ వేయలేదు. మన ఆఫీసుల్లో అందరం రోజూ వాడే ఆ మాట మన దేశం దాటితే చాలామందికి తెలియదు. ఆవిడ దాన్ని "పోస్ట్‌పోన్"కు అక్షర దోషం అనుకుని, నమూనా ఇంకా ఆలస్యమవుతుందని నిశ్చింతగా ఒక వారం వస్త్ర ప్రదర్శనకు వెళ్ళిపోయారు. మార్చి 3న మేము కొరియర్‌కు ఇచ్చిన పొట్లం 7వ తేదీ శుక్రవారానికే కార్క్ చేరింది. సంతకం పెట్టేవాళ్ళు లేక కొరియర్ వాళ్ళ గోదాములో కూర్చుంది. ఆవిడ 12న వెళ్ళి తెచ్చుకున్నారు. అరకిలో కూడా లేని పొట్లానికి మేము దాదాపు నాలుగు వేల రూపాయలు కట్టింది త్వరగా చేరుతుందనే కదా. త్వరగానే చేరింది, తలుపు తీసేవాళ్ళే లేరు.

ఆ తర్వాత బాబాయిగారు నన్ను పిలిచి, "అమ్మాయ్, ఇకనించి ఈ రాతకోతలు నువ్వు చూడమ్మా" అన్నారు. నేను మొదట చేసిన పని, పంపిన పాత మెయిళ్ళన్నీ చదవడం. "నాలుగు రోజులు అటూ ఇటూగా" అని బాబాయిగారు చెప్పినదాన్ని గుమాస్తాగారు మాటకు మాట ఇంగ్లీషులోకి దించి పంపిన వాక్యం ఒకటి కనబడింది. మనకు నాలుగు రోజులంటే కొద్ది రోజులని అర్థం, అది వారం కావచ్చు, పది రోజులైనా కావచ్చు. అవతల ఆవిడ దాన్ని సరిగ్గా నాలుగు రోజులుగా లెక్కపెట్టుకుని, అయిదో రోజున మర్యాదగా గుర్తుచేస్తూ రాశారు. ఆ గుర్తుచేయడం బాబాయిగారికి దెప్పినట్టు అనిపించింది. ఇటు పక్క మనసు కష్టపెట్టుకోవడం, అటు పక్క వీళ్ళు మాట మీద నిలబడరేమోనన్న అనుమానం, రెండూ ఒకే వాక్యంలోంచి పుట్టాయి. అప్పటినుంచి నేను రోజుల సంఖ్య రాయడం మానేసి తేదీనే రాస్తున్నాను, పక్కన వారం పేరు తప్పకుండా పెడుతున్నాను. వారమూ తేదీ ఒకదానికొకటి సరిపోకపోతే చదివేవాళ్ళు వెంటనే అడుగుతారు. తేదీ ఒక్కటే రాస్తే, ఒక అంకె తప్పుపడినా ఎవరికీ తెలియదు.

మార్చి 13, గురువారం నాడు మొదటి వీడియో కాల్ జరిగింది. మన మధ్యాహ్నం మూడున్నర, వాళ్ళ ఉదయం పది. నమూనా నచ్చిందనీ, అంచులోని తరంగాలు మాత్రం కొంచెం చిన్నవిగా ఉండాలనీ ఆవిడ చెప్పారు. సవరించిన నమూనాను మళ్ళీ కాల్‌లోనే చూపిద్దామనీ, ఏప్రిల్ 1, మంగళవారం "ఇదే సమయానికి" కలుద్దామనీ అనుకుని పెట్టేశాము. ఆ "ఇదే సమయం" ఎవరి సమయమో ఇరువైపులా ఎవరమూ అడగలేదు. మార్చి 30న, సరిగ్గా మన ఉగాది నాడు, ఐరోపా గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి. మన దేశంలో గడియారం ఏడాది పొడుగునా ఒకటే కాబట్టి ఇలాంటిదొకటి ఉంటుందన్న ధ్యాస మనకు సహజంగా ఉండదు. ఐర్లండుకూ మనకూ చలికాలంలో అయిదున్నర గంటల తేడా. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా నాలుగున్నర గంటలే. అంటే ఏప్రిల్ 1న వాళ్ళ పది గంటలు మనకు రెండున్నర అవుతుంది, మన మూడున్నర వాళ్ళకు పదకొండు అవుతుంది.

దీనికి తోడు, మార్చి 26న నేను పెళ్ళికి తణుకు వెళ్ళినప్పుడు, మా తమ్ముడు, అంటే బాబాయిగారి అబ్బాయి, గుర్తుచేసే మెయిల్ ఒకటి పంపాడు. సమయం స్పష్టంగా ఉండాలని జాగ్రత్తపడి, మూడున్నర పక్కన "IST" అని కూడా పెట్టాడు. మనలో ఎవరైనా అలాగే పెడతాం. అయితే ఆ మూడు అక్షరాలు మనకొక్కరికే చెందినవి కావు. ఇజ్రాయెల్ వాళ్ళూ వాడతారు, ఐర్లండు వాళ్ళూ వాడతారు. ఐర్లండులోనైతే మరీ చిత్రం: వాళ్ళ చట్టం ప్రకారం వేసవి సమయమే అసలు ప్రామాణిక సమయం, అందుకే మార్చి 30 నుంచి వాళ్ళ కంప్యూటర్లలోనూ అదే "IST" కనబడుతుంది. చలికాలంలోనైతే అక్కడ "GMT" అని ఉంటుంది కాబట్టి, ఆ కాల్ ఫిబ్రవరిలో ఉండి ఉంటే ఆవిడ ఆగి ఆలోచించేవారేమో. ఏప్రిల్‌లో ఆలోచించాల్సిన అవసరమే ఆవిడకు కనబడలేదు. కాల్‌ను ఉదయం పది నుంచి తమ మధ్యాహ్నం మూడున్నరకు మార్చారనుకుని డైరీలో రాసుకున్నారు.

ఆ మంగళవారం మా దగ్గర జరిగినది ఇది. అంచు సవరణ ఎలా చేశారో చూపించడానికి మొగల్తూరు వైపు నుంచి ఇద్దరు అల్లేవాళ్ళను పిలిపించాము. మూడు గంటలకే నల్లటి గుడ్డ పరిచి, దాని మీద తెల్ల మ్యాట్లు పేర్చి, స్కేలు పక్కన పెట్టి, ఫ్యాను గాలికి ముక్కలు లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టుకుని కూర్చున్నాము. మూడున్నరకు కాల్ తెరిచాము. ఎవరూ లేరు. మూడూ యాభైకి మెయిల్ పెట్టాను. అక్కడ పగటి బేరాల వేళ, ఆవిడ చూడలేదు. బాబాయిగారు బయటికీ లోపలికీ తిరుగుతూ, "వేరేవాళ్ళ దగ్గర తక్కువకి దొరికుంటుందమ్మా" అని తనకు తానే తీర్పు చెప్పేసుకున్నారు. అయిదింటికి అల్లేవాళ్ళలో పెద్దావిడ, "ఇంటి దగ్గర వంట చూసుకోవాలండి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తామండి" అని లేచారు. ఇద్దరికీ సగం రోజు కూలీ, రానుపోను ఆటోకు నాలుగు వందలు ఇచ్చి పంపాము. రాత్రి ఎనిమిదీ పదికి నా ఫోనుకు మెయిల్ వచ్చింది: "నేను కాల్‌లో ఉన్నాను, మీరు వస్తున్నారా?" వాళ్ళ మూడున్నర మనకు సరిగ్గా రాత్రి ఎనిమిది. అప్పుడు ఇంట్లో ఉన్నాను. చేతిలో ఒక్క ముక్క కూడా లేదు. ఫోనులోనే చేరి, క్షమించమని అడిగి, గురువారానికి మళ్ళీ ఏర్పాటు చేసుకున్నాము. ఆవిడ విసుక్కోలేదు గానీ, ఆ సమయానికి దుకాణంలో మనిషిని పెట్టి వచ్చానని మాత్రం చెప్పారు. ఆ మాట చాలాసేపు గుచ్చుకుంది.

ఆ రాత్రే కూర్చుని, ఇక మీదట ఏ సమయం రాసినా ఏ రూపంలో రాయాలో నిర్ణయించుకున్నాను. గురువారపు కాల్‌కు పంపినది ఇదిగో:

```
Call: Thursday 3 April 2025
15:30 in Narsapur, India (UTC+5:30)
11:00 in Cork, Ireland (UTC+1)
```

UTC+5:30 అంటే, దేశాలన్నీ తమ గడియారాన్ని పోల్చుకునే UTC సమయానికి మనం అయిదున్నర గంటలు ముందున్నామని. ఇందులో నేను పట్టుబట్టి పెట్టినవి మూడు. పొడి అక్షరాలు తీసేసి ఊరి పేరు, దేశం పేరు రాశాను. ఊరి పేరు చూసి పొరపడేవాళ్ళు ఉండరు. ఉదయం, సాయంత్రం గొడవ లేకుండా ఇరవైనాలుగు గంటల పద్ధతిలో వేశాను. రెండు వైపుల సమయాలూ నేనే లెక్కకట్టి రాశాను, ఎందుకంటే మన అయిదున్నరలోని అరగంటను చాలామంది విదేశీయులు మరిచిపోయి అయిదు గంటలుగా లెక్కేస్తారు. రెండూ రాసి ఉంటే, నా లెక్క తప్పినా అవతలివాళ్ళు తమ వరుసను చూసి పట్టుకోగలరు. దానికి తోడు క్యాలెండర్ ఆహ్వానం కూడా పంపాను. క్యాలెండర్‌లో సమయ మండలాన్ని చేత్తో ఎంచుకోవాల్సి వస్తే Asia/Kolkata అనీ, Europe/Dublin అనీ ఉండేవి ఎంచుకోవాలి. కార్క్ పేరు ఆ జాబితాలో ఉండదు, ఐర్లండు మొత్తానికీ డబ్లినే.

ఆహ్వానం పంపితే సమయం దానంతటదే మారుతుంది కదా, మళ్ళీ మెయిల్‌లో ఈ వరుసలెందుకని తమ్ముడు అడిగాడు. ఆవిడ మా మెయిల్‌ను తన గోదాము చూసుకునే మనిషికీ, సరుకు రవాణా చేసేవాళ్ళకూ ముందుకు పంపిస్తారు. వాళ్ళకు ఆహ్వానం చేరదు, మెయిలే చేరుతుంది. పైగా ప్రతి వారం జరిగే కాల్ ఎవరు సృష్టించారన్నది కూడా చూసుకోవాలి. తర్వాత మేము పెట్టుకున్న మంగళవారపు కాల్‌ను భారత సమయంలో నేనే సృష్టించాను. ఆవిడ సృష్టించి ఉంటే, అక్టోబరులో వాళ్ళ గడియారం వెనక్కి జరిగిన నాడు మా కాల్ చెప్పాపెట్టకుండా ఒక గంట ఆలస్యమైపోతుంది. ఇప్పుడు ఆ కదలడం వాళ్ళ వైపు జరుగుతుంది, కాకపోతే గడియారం మార్చుకునే అలవాటు ఉన్నవాళ్ళు కాబట్టి ఆవిడ దాన్ని కనిపెట్టుకుని ఉంటారు. మా అల్లకం పని, మనుషుల రాకపోకలు మన గడియారాన్నే నమ్ముకుని నడుస్తాయి గనక నేను అలా ఎంచుకున్నాను.

గురువారం కాల్ సాఫీగా జరిగింది. ఏప్రిల్ 8, మంగళవారం ఆవిడ రంగుల గురించి రాస్తూ "ఫ్రైడే వీక్" లోపల ఖరారు చేయాలని అడిగారు. బాబాయిగారు దాన్ని ఈ వారం శుక్రవారం అని చదువుకుని, లేత నీలం దారం మూడు రోజుల్లో ఎక్కడ తెస్తామని కంగారుపడి పాలకొల్లుకు మనిషిని పంపబోయారు. అంటే మన వైపు నుంచే కాదు, అటు నుంచీ దేశీయమైన మాటలు వస్తాయి. ఐర్లండు, బ్రిటన్ల ఇంగ్లీషులో దానికి అర్థం, వచ్చే శుక్రవారం తర్వాత మరో వారానికి అని. నాకు అలాగే అనిపించినా, ఊహ మీద దారం కొనడం ఇష్టం లేక, "మీ ఉద్దేశం 18 ఏప్రిల్ శుక్రవారమేనా?" అని ఒక్క వాక్యం రాసి పంపాను. మన మధ్యాహ్నం పన్నెండుకు పంపిన ఆ వాక్యానికి జవాబు మూడింటికి వచ్చింది: అవుననీ, కానీ ఆ రోజు గుడ్ ఫ్రైడే కాబట్టి దుకాణం మూసి ఉంటుందనీ, 17 గురువారానికే ఇవ్వగలిగితే మేలనీ. అడగకపోతే ఈ రెండో సంగతి మాకు తెలిసేదే కాదు. ఆవిడ కాల్‌లో "హాఫ్ టెన్" అన్నప్పుడు కూడా వెంటనే చాట్‌లో 10:30 అని రాసి చూపించి అవుననిపించుకున్నాను. ఇలా తిరిగి అడగడాన్ని ఆవిడ ఒక్కసారి కూడా తప్పుగా తీసుకోలేదు. మనకే, అడిగితే తెలివితక్కువగా కనబడతామేమోనన్న బెరుకు ఉంటుంది.

జవాబుల కోసం ఎదురుచూడడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మొదటి నెలలో బాబాయిగారి నిద్ర చెడగొట్టింది అదే. వాళ్ళ తొమ్మిది నుంచి అయిదు పనివేళలు వేసవిలో మనకు మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర. ఉదయం పదింటికి మెయిల్ పంపి, పదకొండుకు, పన్నెండుకు ఆయన "వచ్చిందా?" అని అడిగేవారు; అప్పటికి అక్కడ తెల్లవారి దుకాణం తెరవనైనా లేదు. నేను ఉదయం రాసిన మెయిల్‌ను ఒంటిగంట దాటాక, మరోసారి చదివి పంపడం మొదలుపెట్టాను. అది వాళ్ళ పెట్టెలో పైన ఉంటుంది. మరొక లాభం ఏమిటంటే, అటు నుంచి ప్రశ్న వస్తే నేను ఇంకా ఆఫీసులోనే ఉంటాను. సాయంత్రం ఏడు తర్వాత వచ్చిన ప్రశ్నకు మర్నాడు జవాబిస్తే, అది ఆవిడకు చేరేసరికి ఒక రోజు పోయినట్టే. అందుకే ఒక మెయిల్‌లో తేలాల్సిన సంగతిని రెండుగా చీల్చకుండా, ఆవిడ అడగబోయే రెండో ప్రశ్నకు కూడా మొదటి మెయిల్‌లోనే జవాబు పెట్టడం అలవాటైంది.

అన్నిటికన్నా కష్టమైన మెయిల్ ఏప్రిల్ 24, గురువారం నాటిది. ఆరు వందల మ్యాట్లు మే 30కి ఇవ్వగలరా అని ఆవిడ సూటిగా అడిగారు. అది దాళ్వా కోతల కాలం. అల్లేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ధాన్యం పనులుంటాయి, ఆ పైన పెళ్ళిళ్ళు. నాలుగు వందలు దాటవని బాబాయిగారికి తెలుసు. అయినా ఆయన నోట వచ్చినది, "మా శాయశక్తులా ప్రయత్నిస్తామని రాయమ్మా" అని. మనలో మనకు ఆ మాట వినగానే అర్థమైపోతుంది: అవదు, కానీ మొహం మీద చెప్పడం లేదు. ఆవిడ దాన్ని చదివితే మాత్రం, వీళ్ళు ఒప్పుకున్నారనుకుని తన పోస్టర్లు అచ్చు వేయించుకుంటారు. లేదని రాస్తే బేరం పోతుందని ఆయన, అవునని చదువుకుంటే పరువే పోతుందని నేను, చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి, "సరే, నీ ఇష్టం, పోతే పోనీ" అన్నారు. నేను రాసిన మెయిల్‌లో అసలు సంగతి ఇంతే:

```
400 pieces will leave Narsapur on Friday 30 May 2025.
200 pieces will leave Narsapur on Friday 20 June 2025.
We cannot send all 600 by 30 May.
```

సరుకు "బయల్దేరుతుంది" అని రాయడం కావాలని చేసినదే. తేదీ లోపల అని ఊరికే రాస్తే, మనం నరసాపురంలో లారీ ఎక్కించే రోజు అనుకుంటాం, కొనేవాళ్ళు తమ గుమ్మంలో దిగే రోజు అనుకుంటారు. మధ్యలో విమానం, కస్టమ్స్ కలిపి వారం పైన ఉంటుంది. మా చేతిలో ఉన్నది బయల్దేరే రోజు మాత్రమే కాబట్టి దానికే మాట ఇచ్చాం, ఎప్పటికి చేరవచ్చో కింద విడిగా అంచనా అని చెప్పి రాశాను.

మెయిల్ వెళ్ళాక శుక్రవారం జవాబు లేదు. శని, ఆదివారాలు సరే. ఆ మూడు రోజులూ బాబాయిగారు నాతో ఎక్కువ మాట్లాడలేదు, ఇంట్లో పిన్ని మాత్రం "ఏమైందమ్మా ఆ ఫారిన్ బేరం?" అని రెండుపూటలా అడిగేది. సోమవారం 28న, మన మధ్యాహ్నం రెండు దాటాక జవాబు వచ్చింది. రెండు విడతలూ తనకు సరిపోతాయనీ, మొదటి నాలుగు వందల్లో లేత నీలం ఎక్కువ ఉండేలా చూడమనీ రాశారు. ముందే చెప్పినందుకు థాంక్స్ అని ఒక వాక్యం ఉంది. బాబాయిగారు ఆ మెయిల్‌ను నాచేత రెండుసార్లు చదివించుకున్నారు.

మొదటి విడత అనుకున్న మే 30నే వెళ్ళింది. రెండో విడతకు ముందు, జూన్ 2 సోమవారం అక్కడ సెలవని ఆవిడే ముందుగా రాశారు. అప్పటికి ఆవిడ కూడా మా పద్ధతిలోనే, తన ఊరి సమయం పక్కన మన సమయాన్ని లెక్కకట్టి వేయడం మొదలుపెట్టారు. ఒకసారి ఆ లెక్కలో అరగంట తప్పింది. రెండు వరుసలూ ఉన్నాయి కాబట్టి చూడగానే తెలిసింది, ఒక్క వాక్యంతో సరిచేసుకున్నాం.

జూన్ 20న మిగతా రెండు వందలూ బయల్దేరాయి. వచ్చే వసంతకాలానికి మరో డిజైను అడిగారు. దాని నమూనాలు చూసే కాల్ అక్టోబరు 28, మంగళవారం. వాళ్ళ గడియారం 26న ఆదివారం వెనక్కి జరుగుతుంది కాబట్టి, ఆ ఆహ్వానం కింద 15:30 నరసాపురం (UTC+5:30), 10:00 కార్క్ (UTC+0) అని ముందే రాసి పంపాను. అల్లేవాళ్ళకు మాత్రం మంగళవారం మధ్యాహ్నం మూడింటికి రమ్మని చెప్పాం.